తాతయ్య తొలి కామెంటు: మనవరాలి నాట్యం వీడియో కింద తెలుగులో నాలుగు మాటలు రాయించే పద్ధతి

మా చెల్లెలి కూతురి వీడియో కింద మా నాన్నగారు రాసిన కామెంటు చూసినప్పటి నుంచి చాలామందిది ఒకటే ప్రశ్న: "మా నాన్నగారి చేత కూడా రాయించాలి, ఎలా?" అడిగిన ప్రతివారికీ ఫోనులో ముక్కలుముక్కలుగా చెప్పాను. ఆ ముక్కలన్నీ వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇది తాతయ్య పక్కన కూర్చునేవారి కోసం. నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు, ఉండేది తెనాలిలో. మనవరాలికి తొమ్మిదేళ్ళు, పుణేలో కూచిపూడి నేర్చుకుంటోంది. దశావతార శబ్దం అనే నాట్యాంశం చేసిన అయిదు నిమిషాల వీడియోను మా చెల్లెలు యూట్యూబ్‌లో పెట్టింది. నాన్నగారు రాసినవి పదిహేను మాటలు. పట్టిన సమయం యాభై అయిదు నిమిషాలు. ఆండ్రాయిడ్ ఫోను, గూగుల్ వారి Gboard కీబోర్డు మీద చెబుతున్నాను. ఇతర ఫోన్లలో బొమ్మలు, పేర్లు కొద్దిగా మారతాయి కానీ పని జరిగే క్రమం ఇదే.

## 1. అసలు కామెంటు రాసే వీలుందో లేదో ముందు చూడండి

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. తాతయ్యను కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టించి, తీరా వీడియో తెరిస్తే కామెంటు పెట్టె ఉండదు. ఆయన తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

కారణం సాధారణంగా వీడియో పెట్టినవారి వైపు ఉంటుంది. వీడియోను ఎక్కించేటప్పుడు "ఇది పిల్లల కోసం చేసినదా?" అని యూట్యూబ్ అడుగుతుంది. పిల్ల నాట్యమే కదా అని చాలామంది తల్లులు అవునంటారు. అలా అంటే ఆ వీడియోకు కామెంట్లు మూతపడతాయి. నిజానికి ఆ ప్రశ్న వీడియోలో ఎవరున్నారని కాదు, ఎవరు చూడటానికి చేశారని. బంధువులు చూసుకోవడానికి పెట్టిన వీడియో అయితే "కాదు" అనవచ్చు.

రెండో కారణం, వీడియోను Private గా పెట్టడం. అలా పెడితే, పిలిచినవారు చూడగలరు కానీ కామెంటు రాయలేరు. మా చెల్లెలు మొదట ఇదే చేసింది. తరువాత Unlisted కు మార్చింది. లింకు ఉన్నవారికే దొరుకుతుంది, వెతికితే రాదు, కామెంట్లు మాత్రం పనిచేస్తాయి. పిల్లల వీడియోకు నాకు నచ్చిన పద్ధతి ఇదే. అయితే లింకు చేతులు మారుతూ పోవచ్చు కాబట్టి దాన్ని తాళం వేసిన గది అనుకోకండి.

## 2. ముందు రోజు రాత్రి ఫోను మీరే సిద్ధం చేయండి

సెట్టింగులు మార్చే పని ఆయన ముందు పెట్టుకోకండి. ఆ పావుగంటలోనే ఆసక్తి ఆవిరైపోతుంది.

- Settings లో Display కింద అక్షరాల పరిమాణం పెంచండి. కీబోర్డు ఎత్తు పెంచే వీలు Gboard సెట్టింగులలోనే ఉంటుంది. రెండూ చేయాలి. ఒక్కటే చేస్తే తెర మీది మాట పెద్దదిగా, మీట చిన్నదిగా ఉండిపోతుంది.
- Screen timeout ను పది నిమిషాలకు మార్చండి. సాధారణంగా ముప్పై సెకన్లకో, నిమిషానికో తెర ఆరిపోతుంది. తరువాతి అక్షరం ఎక్కడుందో వెతకడానికి తాతయ్యకు అంతకంటే ఎక్కువే పడుతుంది.
- Gboard సెట్టింగులలో Preferences కింద Touch & hold delay ను పెంచండి. వేలు మీట మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే వేరే అక్షరం పడటం దీనితో తగ్గుతుంది. చెయ్యి కొద్దిగా వణికేవారికి ఇది చాలా అవసరం.
- యూట్యూబ్‌లో Autoplay ఆపండి. లేకపోతే ఈయన రాస్తుండగా వీడియో అయిపోయి మరొకటి మొదలవుతుంది.
- ఫోనులో ఎవరి ఖాతా ఉందో చూడండి.

చివరిదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో పెద్దల ఫోన్లలో ఖాతా తరచూ కొడుకుదో కోడలిదో ఉంటుంది, ఫోను కొన్న రోజున ఎవరో ఒకరు పెట్టేసి ఉంటారు. అలాగే రాస్తే కామెంటు పైన ఆ ఖాతా హ్యాండిల్, అంటే @ తో మొదలయ్యే పేరు పడుతుంది. "ఆశీస్సులతో, తాతయ్య" అని కింద, పైన మామయ్య పేరు! పిల్లకు అయోమయం, తాతయ్యకు చిన్నతనం. కామెంటు పెట్టె పక్కన ఉండే చిన్న గుండ్రటి బొమ్మే దీనికి ఆనవాలు. ఆ బొమ్మ ఆయనది కావాలి. కొత్త ఖాతాతో మొదటిసారి రాసేటప్పుడు పేరు, హ్యాండిల్, బొమ్మ చూపించి ఛానెల్ తెరవమని యూట్యూబ్ అడుగుతుంది. అది కూడా ముందు రాత్రే ముగించండి. పేరులోనూ హ్యాండిల్‌లోనూ పూర్తి పేరు, ఇంటిపేరు అవసరం లేదు. మేము "తెనాలి తాతయ్య" అని పెట్టాము.

## 3. ఏ కీబోర్డు ఇవ్వాలి?

Gboard లో గేరు బొమ్మ నొక్కి, Languages, Add keyboard, Telugu అని వెళితే రెండుమూడు రకాలు కనిపిస్తాయి. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగుగా మారేది ఒకటి, నేరుగా తెలుగు అక్షరాల మీటలున్నది ఒకటి, వేలితో తెర మీద రాసేది ఒకటి. ఇవి కాక మైకు నొక్కి చెబితే రాసుకునే వీలు కూడా ఉంది.

మన వయసువారికి మొదటిది హాయి. తాతయ్యకు కాదు. "talli" అని కొట్టి, వచ్చిన మాటల్లో "తల్లి"ని ఏరుకోవడం రెండు భాషల పని. ఆయన తెలుగు బడిలో గుణింతాలు దిద్దిన మనిషి. మీటల మీద అ, ఆ, క, ఖ కనిపిస్తే వెతికి పట్టుకోగలరు. కాబట్టి తెలుగు మీటల కీబోర్డే ఇవ్వండి.

మైకు సంగతి: పని తొందరగా అవుతుంది. నాన్నగారు రెండుసార్లు చెప్పి చూశారు. కామాలు, వాక్యాల చివర చుక్కలు పడలేదు, వంటింట్లో కుక్కర్ కూత వచ్చినప్పుడు మాట తప్పింది. "ఇది నేను రాసినట్టు లేదు" అని పక్కన పెట్టేశారు. వేళ్ళు సహకరించనివారికి మైకే మంచిది. మిగిలినవారిని రాయనివ్వండి.

## 4. ముందు కాగితం మీద

ఫోను పట్టుకునే ముందు వీడియో మూడుసార్లు చూపించండి. మొదటిసారి ఊరికే చూస్తారు, కళ్ళు చెమ్మగిల్లుతాయి, ఏమీ గుర్తుండదు. రెండోసారి "మీకు ఎక్కడ బాగా నచ్చింది?" అని అడగండి. మూడోసారి ఆ చోట ఆపించి, నిమిషం, సెకను కాగితం మీద రాయించండి.

నాన్నగారు రాసిన మొదటి చిత్తుప్రతి ఇలా ఉంది:

"చిరంజీవికి తాతయ్య దీవించి వ్రాయునది. ఇచ్చట మేమందరమూ క్షేమము. అచ్చట మీరందరూ క్షేమమని తలచెదను. నీవు చేసిన నాట్యము చూచి మిక్కిలి సంతోషించితిమి. చదువు అశ్రద్ధ చేయకుము. నీ పాఠశాలలో..."

ఇన్లాండ్ లెటరు! నవ్వకండి. ఆ తరానికి ఉత్తరమంటే అలాగే మొదలవుతుంది. కానీ ఇందులో నాట్యం గురించి ఉన్నది ఒక్క వాక్యమే, అదీ ఏ పిల్లకైనా రాయదగిన వాక్యం. తరువాత బడి పేరు, నాట్యం నేర్చుకునే చోటు, వాళ్ళ వీధి కూడా వచ్చాయి. లింకు ఎవరి చేతికి వెళుతుందో తెలియదు కాబట్టి అవి ఉండకూడదని చెబితే వెంటనే ఒప్పుకున్నారు.

అప్పుడు నేను అడిగినది ఒక్కటే: "ఎక్కడ బాగుందో అది చెప్పండి చాలు." ఆయన చాలా సేపు ఆలోచించి అన్నారు: "నరసింహుడి దగ్గర కళ్ళు అంత పెద్దవి చేసిందా! వెంటనే గొడుగు పట్టుకుని వామనుడైపోయింది. ముఖం ఎంత చిన్నదైందో చూశావా?"

అదే కామెంటు. ఈ నాట్యంలో ఒక అవతారం నుంచి మరో అవతారానికి క్షణాల్లో మారాలి, వేషం మారదు. ముఖం, చెయ్యి, నిలబడే తీరు మాత్రమే మారతాయి. పిల్ల నెలల తరబడి కష్టపడినది ఆ మార్పు కోసమే. చూసినవారిలో ఒకరు సరిగ్గా ఆ చోటే పట్టుకుంటే ఆ పిల్లకు అంతకంటే ఏం కావాలి? నాట్యశాస్త్రం తెలియనక్కరలేదు. కంటికి కనబడినది చెబితే చాలు.

చివరికి తేలిన పాఠం:

"చిట్టితల్లీ, 2:05 దగ్గర నరసింహుడివై కళ్ళు పెద్దవి చేశావు. వెంటనే గొడుగు పట్టి వామనుడివయ్యావు. నాలుగుసార్లు చూశాను. ఆశీస్సులతో, తాతయ్య."

పాఠాన్ని ఖరారు చేసే ముందు మేము చూసుకున్నవి:

- పిల్ల తానే కూడబలుక్కుని చదవగలదా? పుణేలో పెరుగుతున్న పిల్ల, తెలుగు నెమ్మదిగా చదువుతుంది. "మిక్కిలి సంతోషించితిమి" దగ్గర ఆగిపోతుంది.
- ఇంకెవరితోనైనా పోలిక ఉందా? "మీ అక్కలాగే" అన్న మాట కొట్టేశాము.
- చదువు, ఒళ్ళు, రంగు గురించి ఏమైనా ఉందా? "చిక్కిపోయావు" అన్నది తాతయ్య బెంగే కానీ దానికి ఫోను ఉంది. దిష్టి తీయమనే సలహా కూడా ఫోనులోనే చెప్పుకున్నారు.

## 5. చేతిరాత వరస వేరు, టైపు వరస వేరు

తాతయ్యలు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. మిగతావన్నీ మీరు చేసిపెట్టగలరు, ఇది మాత్రం ఆయనకు అర్థం కావాలి.

మనం చేత్తో "ట్టి" రాసేటప్పుడు ముందు ట రాసి, దానికి గుడి పెట్టి, ఆ తరువాత కింద ఒత్తు ఇస్తాము. అంటే "టి" పూర్తయ్యాక ఒత్తు. ఫోనులో ఆ వరస పనికిరాదు. నోటితో పలికే వరసలో కొట్టాలి: ట, పొల్లు (్), ట, చివర గుడి (ి). గుడి ముందే పెట్టి ఒత్తు ఇవ్వబోతే ఒత్తు కిందికి దిగదు. గుడి ఒకచోట, పొల్లు ఒకచోట విడిపోయి కనిపిస్తాయి.

నాన్నగారికి ఇలా చెప్పాను: "ఒత్తుకు విడిగా మీట లేదు. మొదటి హల్లును పొల్లు కొట్టి ఆపండి, రెండో హల్లు దానంతట అదే కిందికి వెళుతుంది. స్వరం చిట్టచివర." రెండుసార్లు "అమ్మ" కొట్టించాను: అ, మ, పొల్లు, మ. ఒత్తు దానంతటదే దిగడం చూసి ఆయనకు భలే సరదా వేసింది.

తరువాత మొదటి మాట. "చిట్టితల్లీ"కి పదకొండు మీటలు:

```
చ  ి  ట  ్  ట  ి  త  ల  ్  ల  ీ
```

మీరు పక్కన కూర్చుని మీట పేరు చెప్పాల్సి వస్తే బడి పేర్లే వాడండి: కొమ్ము, కొమ్ముదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం. "ఆ వంకర గీత ఉంది చూడండి, అది కాదు, దాని పక్కది" అంటే ఇద్దరికీ విసుగు. "చకు ఏత్వం" అంటే ఆయన చెయ్యి నేరుగా వెళుతుంది. ఈ విషయంలో ఆయనే మనకంటే మెరుగు.

కొన్ని అక్షరాలు మొదటి పుటలో కనబడవు. మరో అక్షరం మీద వేలు నొక్కి పట్టుకుంటేనో, మీటల పుట మారిస్తేనో వస్తాయి. పాఠంలో ఉన్న ప్రతి అక్షరం ఎక్కడుందో ముందే వెతికి ఒక చీటీ మీద రాసిపెట్టండి.

ఎదురయ్యే తప్పులు మూడు. మొదటిది, సున్నకు బదులు అంకెల్లోని 0 కొట్టడం. "నరసింహుడు"లో సున్న అక్షరం కంటే పొడుగ్గా, ఎడంగా నిలబడితే అది అంకె. రెండోది, "చూ"కు కొమ్ము కొట్టి పక్కన దీర్ఘం పెట్టడం. చేత్తో రాసేటప్పుడు అలాగే సాగదీస్తాము మరి. కీబోర్డులో కొమ్ముదీర్ఘం ఒకే మీట. మూడోది, తప్పు పడగానే మాట మొత్తం చెరిపేయడం. చెరిపే మీటను ఒక్కసారి నొక్కితే సాధారణంగా చివర కొట్టినది మాత్రమే పోతుంది: "ల్లీ"లో ముందు గుడిదీర్ఘం పోతుంది, హల్లులు నిలిచే ఉంటాయి. కాబట్టి ఒక్కో నొక్కుకు ఆగి తెర చూడమనండి. నొక్కి పట్టుకుంటే మాత్రం వాక్యమే తుడిచిపెట్టుకుపోతుంది. మాకు ఒకసారి పోయింది కూడా. కాఫీ తాగి మళ్ళీ మొదలుపెట్టాము.

## 6. నేరుగా కామెంటు పెట్టెలో కొట్టించకండి

గంటసేపు రాసేవారికి అది ప్రమాదం. వేలు పొరపాటున వెనకబాణం తాకినా, మధ్యలో ఫోను మోగినా రాసినది పోవచ్చు.

తాతయ్యకు వాట్సాప్ అలవాటే కదా. అందులో తన నంబరుకే తాను సందేశం రాసుకునే వీలుంది. అక్కడ రాయించండి. సగంలో బయటికి వచ్చినా రాసినది అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం సగం, సాయంత్రం సగం రాసుకోవచ్చు. పూర్తయ్యాక పంపుకుని, ఆ సందేశం మీద వేలు నొక్కి పట్టి Copy చేయాలి.

రాసేటప్పుడు ఫోను బల్ల మీద పెట్టించండి, చేతిలో వద్దు. ఒక చెయ్యి పట్టుకోవడానికే పోతే మిగిలిన వేలు వణుకుతుంది. వేలి కొన మరీ పొడిబారి ఉంటే తెర సరిగా స్పందించదు. తడిగుడ్డతో కాస్త తుడుచుకుంటే చాలు.

మీ చేతులు మీ ఒడిలో ఉంచుకోండి. ఆయన "డ" కోసం వెతుకుతుంటే మనకు ప్రాణం పోతుంది, నిజమే. నేను రెండోసారి చెయ్యి చాచినప్పుడు "నువ్వు రాస్తే అది నీ కామెంటురా" అన్నారు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను.

2:05 గురించి ఒక మాట. నిమిషం, మధ్యలో రెండు చుక్కలు, సెకన్లు, ఖాళీ లేకుండా మామూలు అంకెలతో రాస్తే యూట్యూబ్ దాన్ని నొక్కదగిన లింకుగా మారుస్తుంది. పిల్ల దాన్ని తాకగానే వీడియో నేరుగా నరసింహావతారం దగ్గరికి వెళుతుంది. 2.05 అని చుక్కతో రాస్తే వెళ్ళదు. తెలుగు అంకెలు కూడా వద్దు.

బొమ్మలు పెట్టాలనుకుంటే ముందు మీరు చూడండి. కన్నీళ్ళు కారే నవ్వుముఖాన్ని పెద్దవాళ్ళు ఆనందబాష్పాలనుకుని పెడుతుంటారు. పిల్లలకు అది పగలబడి నవ్వడం. తన నాట్యం చూసి తాతయ్య నవ్వాడనుకుంటే గొడవే. నమస్కారమో, చప్పట్లో అయితే ఎవరికైనా ఒకటే అర్థం.

## 7. అతికించి పంపడం

1. వీడియో లింకు మళ్ళీ తెరిచి, వీడియోను ఆపండి. పైన ఉన్నది మనవరాలి వీడియోనేనని ఆయనే చూసి చెప్పాలి.
2. కామెంట్ల చోటు తాకి, రాసే పెట్టె తెరవండి. పక్కన ఉన్న గుండ్రటి బొమ్మ ఆయనదేనా?
3. పెట్టెలో వేలు నొక్కి పట్టి Paste చేయించండి.
4. ఒకసారి పైకి చదివించండి. తప్పు కంటికి దొరకకపోయినా నోటికి దొరుకుతుంది. మాకు "వామనడివయ్యావు" ఇలాగే దొరికింది.
5. పక్కనున్న కాగితపు విమానం లాంటి బాణం నొక్కించండి.

చివరి మెట్టులో ఒక చిక్కు. కీబోర్డులోని Enter నొక్కితే పంపినట్టు కాదు, కింద ఖాళీ వరుస వస్తుందంతే. "పంపాను, వెళ్ళలేదు" అనే తాతయ్యల్లో చాలామంది నొక్కినది ఇదే.

## 8. పంపాక కనిపించకపోతే

ముందు కామెంట్ల వరసను Newest కు మార్చి చూడండి. బంధువుల కామెంట్లు ఎక్కువగా ఉంటే కొత్తది అడుగున పడి ఉంటుంది.

అప్పటికీ మనవరాలి వైపు కనిపించకపోతే, అది పరిశీలన కోసం ఆగి ఉండవచ్చు. వీడియో పెట్టినవారు YouTube Studio లో కామెంట్ల దగ్గర Held for review అన్నచోట చూసి అనుమతించాలి. కొత్త ఖాతా నుంచి వచ్చిన మొదటి కామెంటు కనబడకపోతే నేను ముందు చూడమనే చోటు ఇదే. మీ అక్కకో చెల్లికో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. తాతయ్య మళ్ళీ మళ్ళీ అదే రాసి పంపితే పని పెరుగుతుంది.

అక్షరం తప్పు పోయిందని తరువాత తెలిస్తే, కామెంటు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Edit అంటే సరిదిద్దవచ్చు. మొత్తం తీసేసి కొత్తగా రాయనక్కరలేదు. అర్థం చెడని తప్పయితే వదిలేయమంటాను. నాన్నగారి కామెంటులో "ఆశీసులతో" అని ఒక ఒత్తు తగ్గింది. ఆయన గమనించారు, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ అలాగే ఉంది.

జవాబు వస్తే యూట్యూబ్‌లో గంట బొమ్మ దగ్గర తెలుస్తుంది. అది ఎక్కడుందో ఆ రోజే చూపించి పెట్టండి. మాకు రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఖాతా వాళ్ళమ్మది, మాటలు పిల్లవి: "తాతయ్యా, గొడుగు దగ్గర నాకు నవ్వొచ్చేసింది, కనిపించిందా?" నాన్నగారు కళ్ళజోడు తెమ్మన్నారు. 2:05 నొక్కి మళ్ళీ చూశారు. "కనిపించలేదు" అని రాయడానికి పొల్లు మీట అక్కరలేదని, ఈసారి ఏడు నిమిషాల్లో ముగించారు.